పత్తి తడిదా, రోలరు అరిగిందా: ఇద్దరు సీనియర్ల పాత తగవును ఎటూ మొగ్గకుండా విప్పడం ఎలా

ఆదోని వైపు పత్తి జిన్నింగ్ మిల్లుల్లో సీజను మొదలయ్యాక వినిపించే తగవు ఒకటుంది. దూది తక్కువ దిగింది. ఎందుకు? కొనుగోళ్లు చూసే మనిషిని అడిగితే ‘మిషన్లు సరిగా లేవు, గింజకే దూది అంటుకుని పోతాంది’ అంటాడు. మిషన్లు చూసే ఫోర్‌మన్‌ని అడిగితే ‘తడి పత్తి తెచ్చి నా నెత్తిన పోస్తాన్నాడు, నీళ్లలోంచి దూది యాడ తీసేది?’ అంటాడు. మొదటి ఏడాది ఇది పనికి సంబంధించిన మాట. ఐదారేళ్లు గడిస్తే ఇద్దరు మనుషుల మధ్య పగ. అప్పటికి పత్తి సంగతి ఎవరికీ గుర్తుండదు, ఎవరు ఎవరిని ఏమన్నారన్నదే మిగులుతుంది.

పనిచేసే చోట ఇద్దరు పెద్దల మధ్య ముదిరిన గొడవల్లో చాలావాటికి మూలం ఇలాంటిదే. ఒకరి పని ముగిసి మరొకరి పని మొదలయ్యే చోట కొలత ఉండదు. కొలత లేని చోట నష్టం వస్తే అది ఎవరో ఒకరి నెత్తిన పడాలి. అందుకే దీన్ని విప్పడానికి మిల్లు ఉదాహరణనే చివరిదాకా తీసుకుందాం. అంకెలు లెక్క తేలిగ్గా అర్థమయ్యేందుకు అనుకున్నవి. లెక్క నడిచే తీరు మాత్రం ఏ మిల్లులోనైనా అంతే.

క్వింటాలు పత్తి ఆడిస్తే సుమారు 34 కిలోల దూది, 64 కిలోల దాకా గింజలు వస్తాయి. మిగిలింది దుమ్ము, ఆరిపోయే తేమ. బేలు బరువు 170 కిలోలు కాబట్టి ఒక బేలుకు ఐదు క్వింటాళ్ల పత్తి కావాలి. రోజుకు 500 క్వింటాళ్లు ఆడించే మిల్లులో దూది శాతం 34 నుంచి 33కి జారితే ఆ రోజు 500 కిలోల దూది, అంటే దాదాపు మూడు బేళ్లు, లేనట్టే. ఒక్క శాతం కోసం ఇంత రగడ ఎందుకని బయటివాళ్లకు అనిపిస్తుంది. లోపలివాళ్లకు ఆ మూడు బేళ్లు కనిపిస్తుంటాయి.

ఇప్పుడు మనుషుల సంగతి. కొనుగోళ్లాయన, ఫోర్‌మన్ ఇద్దరూ పెద్దాయన హయాం నుంచి ఉన్నవాళ్లే. ఒక్కొక్కరికి పదిహేనేళ్లకు పైగా అనుభవం. ఇప్పుడు మిల్లు చూస్తున్నది పెద్దాయన కొడుకు. ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. యార్డు నుంచి లారీ బయల్దేరితే ఆ కబురు డ్రైవరు చేతి చీటీలో వస్తుంది. ఫోర్‌మన్‌కు మనసు బాగలేని రోజు లారీ గేటు దగ్గరే గంటన్నర నిలబడుతుంది, హమాలీలు నీడన కూర్చుంటారు. అకౌంటెంటు రోజుకు నాలుగైదు సార్లు ఇటు మాట అటు మోస్తాడు. కొత్తగా చేరిన సూపర్‌వైజర్లలో ఒకడు యార్డు మనిషయ్యాడు, ఇంకొకడు మిషన్ల మనిషయ్యాడు. ఎవరి బండి మీద ఎవరు టీకి వెళ్తున్నారో చూసి ఎవరు ఎటో చెప్పేసే స్థితి.

ఇలాంటప్పుడు యజమాని సాధారణంగా చేసే పనులు మూడు. ‘ఇద్దరూ పెద్దోళ్లు, మీరే సర్దుకోవాల’ అని చెప్పడం మొదటిది. సర్దుకోవాల్సింది ఏమిటో చెప్పకుండా సర్దుకోమనడం వల్ల ఓపిక ఉన్నవాడు ఓర్చుకుంటాడు, లేనివాడు గెలుస్తాడు. రెండోది పిలిచి చేతులు కలపించడం. అది వచ్చే తడి లారీ దాకా నిలుస్తుంది. మూడోది పంచాయితీ.

సీమలో పంచాయితీకి గట్టి అలవాటు ఉంది. పెద్దమనిషి ఇద్దరి మాటా వింటాడు, ఎవరి తప్పు ఎంతో చెబుతాడు, దాంతో సరి. పొలం గట్టు తగాదాకు ఈ పద్ధతి సరిపోవచ్చు, ఎందుకంటే తీర్పు తర్వాత ఇద్దరూ ఎవరి పొలం వాళ్లు చేసుకుంటారు. మిల్లులో అట్లా కాదు. తీర్పు అయిన మర్నాడు ఒకరు తెచ్చిన పత్తినే మరొకరు ఆడించాలి. ఓడినవాడు ఎదురు చెప్పడు గానీ తన పనిని గీత గీసినట్టు చేసి ఊరుకుంటాడు. లారీ పక్కకు జరిగి వర్షానికి తడుస్తున్నా ‘అది నా పని కాదు’ అంటాడు. ‘నీది సగం, ఆయనది సగం’ అని పంచే తీర్పు ఇంకా చెడ్డది. తప్పు లేదని నమ్మేవాడికి సగం తప్పు కూడా అన్యాయమే. రెండోవాడికేమో సగం మాఫీ అయినట్టు.

మధ్యవర్తి పని వేరు. తప్పెవరిదో మధ్యవర్తి తేల్చడు. ఇద్దరూ కలిసి ఒకే విషయాన్ని చూసే ఏర్పాటు చేస్తాడు. మనుషుల విషయంలో ఎటూ మొగ్గకూడదు, కొలతల విషయంలో మాత్రం గట్టిగా నిలబడాలి. ఈ రెంటినీ కలిపేసి, అంకెల గురించి కూడా నోరు విప్పకుండా కూర్చోవడమే తటస్థత అనుకునేవాళ్లు ఎక్కువ. అలా కూర్చుంటే లాభం గొంతు పెద్దదైన మనిషికే.

ముందు తేల్చుకోవాల్సింది

ప్రతి గొడవా మధ్యవర్తిత్వానికి పనికిరాదు. తూకంలో మోసం, కమీషను తినడం, చెయ్యి చేసుకోవడం, కులం పేరుతో దూషించడం జరిగిందన్న ఆరోపణ ఉంటే దాన్ని రాజీ బల్ల మీదికి తేకూడదు. అది విచారణకో, పోలీసు స్టేషనుకో వెళ్లాల్సిన విషయం. మహిళా ఉద్యోగి లైంగిక వేధింపు ఫిర్యాదు ఇస్తే 2013 చట్టం ప్రకారం అది కమిటీకి వెళ్లాలి. రాజీ ప్రయత్నమైనా ఆమె కోరితేనే జరగాలి, అదీ డబ్బు లెక్కన జరగడానికి వీల్లేదు. వీటిని ‘ఇద్దరి మధ్య మనస్పర్ధ’ అని పిలవడమే పక్షం పట్టడం.

ఉదాహరణలో కొనుగోళ్లాయన కమీషను తింటున్నాడని ఫోర్‌మన్ పదిమందిలో అన్నాడనుకుందాం. దాన్ని వదిలేసి ముందుకు పోలేం. ముందు విడిగా యార్డు చీటీలు, చెల్లింపుల పుస్తకం పక్కపక్కన పెట్టి ఆ సీజను లెక్క సరిచూడాలి. తేడా ఉంటే కథ ఇక్కడితో ఆగి వేరే దారి పడుతుంది. తేడా లేకపోతే ఆ మాట యజమాని నోటితో కొట్టేయాలి: ‘లెక్కలు చూసినాం, తేడా లేదు, ఆ మాట ఇంక వద్దు.’ ఇది పక్షం పట్టడం కాదు, కొలిచి చెప్పడం.

తర్వాతి పని కాగితం మీద. గత రెండు సీజన్లలో ఇద్దరి మధ్య గొడవ బయటపడ్డ సందర్భాలు పదో పన్నెండో రాయాలి. తేదీ, చోటు, ఆ రోజు ఏ లారీ, ఏం ఆగింది. ‘ఎవరేమన్నారు’ అన్న గడి ఈ కాగితంలో ఉండకూడదు. గేటు రిజిస్టరు, వేబ్రిడ్జి చీటీలు, అకౌంటెంటు డైరీ చూస్తే చాలావరకు దొరుకుతాయి. రాసి చూస్తే సందర్భాలు చెల్లాచెదురుగా ఉండవు. పన్నెండింట్లో తొమ్మిది లారీ గేటు దాటి కుప్ప పోసే లోపే జరిగినవని తేలుతుంది. మిగతా మూడూ నెలాఖరున దూది శాతం చదివే రోజువి. అంటే ఇది ఆరేళ్ల పగే అయినా, పుట్టే చోట్లు రెండే. ఇక మందు వేయాల్సింది ఎక్కడో తెలిసినట్టే.

విడివిడిగా కూర్చోవడం

మొదటి మాటలు ఇద్దరితో విడివిడిగానే జరగాలి. ఒకే రోజు, ఒకే గదిలో, ఒక్కొక్కరితో సమానంగా 45 నిమిషాలు. ఒకరితో యార్డులో నిలబడి పది నిమిషాలు, ఇంకొకరితో ఇంట్లో భోజనం పెట్టి రెండు గంటలు మాట్లాడితే లోపల ఏం మాట్లాడినా ఊరంతా ఒక అర్థానికి వచ్చేస్తుంది. ఎవరిని ముందు పిలవాలన్నది కూడా చిన్న విషయం కాదు. సులువైన దారి ఏమిటంటే ఇద్దరికీ ముందు రోజే చెప్పి, డ్యూటీ వేళను బట్టి సమయం పెట్టడం, ఆ కారణం ఇద్దరికీ చెప్పడం.

పిలుపుల దగ్గర ఒక చిక్కుంది. కుర్ర యజమాని చిన్నప్పటి నుంచి ఫోర్‌మన్‌ను ‘మామా’ అని పిలుస్తాడు, ఆయన భుజాల మీద మిల్లంతా తిరిగినవాడు. కొనుగోళ్లాయనను ‘మేనేజరు గారూ’ అంటాడు. గౌరవం రెండింట్లోనూ ఉంది, కానీ ఒకటి ఇంటి పిలుపు, ఇంకొకటి ఆఫీసు పిలుపు. ఇద్దరూ ఎదురుగా ఉన్నప్పుడు ‘మామా, నువ్వు చెప్పు. మేనేజరు గారూ, మీరు చెప్పండి’ అంటే కొనుగోళ్లాయన మనసులో ఆట అక్కడే ముగుస్తుంది. అకస్మాత్తుగా మామను ‘గారూ’ అని పిలిస్తే ఆయన నొచ్చుకుంటాడు. ఇద్దరినీ ‘అన్నా’ అనడం కుదిరితే సరే. కుదరకపోతే విడిగా కూర్చున్నప్పుడే మామతో చెప్పాలి: ‘ఇంట్లో మామవే. ఈ బల్ల దగ్గర మాత్రం ఇద్దరినీ గారూ అనే పిలుస్తా, తప్పుగా అనుకోవద్దు.’ చెబితే అర్థం చేసుకుంటారు. చెప్పకుండా మార్చితేనే గుచ్చుకుంటుంది.

అడగాల్సిన ప్రశ్నలు మూడు చాలు. లారీ వచ్చిన దగ్గర నుంచి బేలు కట్టేదాకా నీ పని ఎక్కడ ఆగిపోతాంది? అది సరిగా జరగాలంటే అవతలి నుంచి నీకు ఏం రావాల? నీ నుంచి ఆయనకు ఏం కావాలని ఆయన అంటాడని నువ్వు అనుకుంటాండావు? మూడో ప్రశ్నకు మొదట ‘నాకేం తెలుసు, ఆయన్నే అడగండి’ అన్న జవాబే వస్తుంది. తొందరపడకుండా కాసేపు ఊరుకుంటే అసలు జవాబు వస్తుంది, అది చాలాసార్లు ఆశ్చర్యంగా నిజానికి దగ్గరగా ఉంటుంది. ఆరేళ్లు పోట్లాడినవాడికి ఎదుటివాడి ఇబ్బంది తెలియకపోవడం అరుదు.

మధ్యవర్తి జారేది ఈ గదిలోనే. ‘అవునన్నా, ఆయన మనిషే అంత’ అన్న ఒక్క మాట చాలు. ఓదార్పుగా అన్న ఆ మాట సాయంత్రానికి ‘చిన్నాయన మన పక్కే’ అయి బయటికి వస్తుంది. బాధను ఒప్పుకోవచ్చు, కారణాన్ని ఒప్పుకోకూడదు. ‘పదిమంది ముందు అట్లా అనిపించుకోవడం కష్టమే’ అనవచ్చు. ‘ఆయన అట్లా అనకుండా ఉండాల్సింది’ అనకూడదు, కనీసం ఆయన మాట వినేదాకా. చివర్లో ఇంకొకటి అడగాలి: ‘నువ్వు చెప్పిన వాటిలో ఆయన ముందు ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు?’ చెప్పవద్దన్నది ఎంత ఉపయోగపడేలా ఉన్నా లోపలే ఉండిపోవాలి. అలాగే కలిసి కూర్చునే రోజుకు ముందు ఇటు మాట అటు మోయకూడదు. మోస్తే మధ్యవర్తి రెండో అకౌంటెంటు అవుతాడు.

విడి మాటల్లో బయటపడే ముఖ్యమైన సంగతి ఒకటుంది, యజమానికి అది చేదు. కొనుగోళ్లాయన తడి పత్తి ఎందుకు కొంటున్నాడు? ‘ఈ వారం రెండు వేల క్వింటాళ్లు రావాల, రేటు మాత్రం పెరగకూడదు’ అని చెప్పింది యజమానే. పొడి పత్తికి పాటలో పోటీ ఉంటుంది, ఆ రేటుకు తడిదే దొరుకుతుంది. గింజ నుంచి దూదిని లాగే రోలర్లు అరిగినా ఫోర్‌మన్ వాటికి పట్టు కోసం గాళ్లు ఎందుకు కొట్టించలేదు? ‘సీజన్లో మిషను ఆపొద్దు’ అని చెప్పిందీ యజమానే. ఇద్దరూ ఎవరికి చెప్పిన మాట వాళ్లు పాటించారు. ఆ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డమని ఎవరూ చూసుకోలేదు. తగవులో మూడో మనిషి ఉన్నాడు, ఆ మనిషే ఇప్పుడు మధ్యవర్తి కుర్చీలో కూర్చున్నాడు. ఇది ఒప్పుకోకుండా ఎంత తటస్థంగా మాట్లాడినా వినేవాళ్లకు నాటకంలాగే ఉంటుంది.

కొలిచి చూడటం

ఇద్దరి మాటల్లో నిజమెంతో తేల్చడానికి వాదన కంటే ఒక రోజు పని మేలు. అయితే ముందు ఒక చిన్న విషయం చూడాలి. కొనుగోళ్లాయన యార్డులో తేమ మీటరు పెట్టి 9.5 చూశానంటాడు. ఫోర్‌మన్ మిల్లులో పెట్టి 12 చూశానంటాడు. ఇన్నేళ్లుగా ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకుంటున్నది ఇక్కడే. నిజానికి రెండు మీటర్లూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. కుప్ప పైన గాలి, ఎండ తగిలిన పత్తి ఆరిపోతుంది, లోపలిది తడిగానే ఉంటుంది. యార్డులో చెయ్యి పైపైనే పోతుంది, మిల్లులో లారీ దింపుతుంటే లోపలిది బయటపడుతుంది. ఒకే లారీలో ఐదు చోట్ల, పైన రెండు, దింపుతున్నప్పుడు మధ్య నుంచి మూడు, ఒకే మీటరుతో ఇద్దరి ముందూ చూస్తే ఈ సంగతి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ‘నువ్వు అబద్ధమాడినావు’ అన్న ఆరేళ్ల మాట ‘నువ్వు పైన చూసినావు, నేను లోపల చూసినా’గా మారుతుంది. క్షమాపణ ఎవరూ చెప్పాల్సిన పని లేదు, అయినా పగలో పెద్ద ముక్క అక్కడే రాలిపోతుంది.

ఆ తర్వాత నాలుగు కుప్పల పరీక్ష. ఒకే ఊరి నుంచి, ఒకే రకం పత్తి నాలుగు కుప్పలు, ఒక్కోటి పది క్వింటాళ్లు. రెండు కుప్పలు 8.5 శాతం తేమవి, రెండు 12 శాతానివి. ఒక పొడి, ఒక తడి కుప్పను కొత్తగా గాళ్లు కొట్టిన రోలరు మీద, మిగతా రెంటిని అరిగిన రోలరు మీద ఆడించాలి. కుప్ప కుప్పకూ మధ్య మిషను ఊడ్చి ఖాళీ చేయాలి, లేకపోతే ముందు కుప్ప దూది వెనక కుప్పలో పడి లెక్క చెడుతుంది. శాతాన్ని కొన్నప్పటి బరువు మీదే కట్టాలి. మిషన్ల కింద పడే గింజలను గుప్పెడు తీసి చూడాలి. గింజకు పొట్టి నూగు ఎప్పుడూ ఉంటుంది, పొడుగు పోగులు వేలాడుతుంటే రోలరు పట్టు తగ్గినట్టు.

ఫలితం ఇట్లా వచ్చిందనుకుందాం. పొడి పత్తి, మంచి రోలరు: 342 కిలోలు. పొడి పత్తి, అరిగిన రోలరు: 334. తడి పత్తి, మంచి రోలరు: 330. తడి పత్తి, అరిగిన రోలరు: 321. తేమ వల్ల పన్నెండు పదమూడు కిలోలు, రోలరు వల్ల ఎనిమిది తొమ్మిది కిలోలు పోయాయి. తేమ లెక్క ఊహ కాదు, సరిచూసుకోవచ్చు. వంద కిలోల పత్తిలో 12 శాతం నీరుంటే సరుకు 88 కిలోలే, 8.5 ఉంటే 91.5. ఆ నిష్పత్తిలో 342ను తగ్గిస్తే 329 దగ్గరికి వస్తుంది.

ఈ అంకెలు చేతికి రాగానే ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. పన్నెండు ఎనిమిది కంటే పెద్దది కాబట్టి ‘తప్పు ఎక్కువ కొనుగోళ్లదే’ అని ఎవరో ఒకరు అంటారు. అక్కడ మధ్యవర్తి గట్టిగా ఆపాలి, ఎందుకంటే ఆ మాట లెక్క ప్రకారం కూడా తప్పు. తడి పత్తి తక్కువ రేటుకు వచ్చి ఉంటే ఆ పన్నెండు కిలోల్లో కొంత ధరలోనే తిరిగి వచ్చినట్టు. రోలరు వల్ల పోయిన ఎనిమిది కిలోలకు ఎక్కడా తిరిగి రావడమంటూ లేదు, అవి గింజతో పాటు నూనె మిల్లుకు పోయాయి. ఇంకో వైపు రోలరు ఆపితే ఆ గంటల ఉత్పత్తి పోతుంది. పోల్చాల్సింది ఇద్దరు మనుషులను కాదు, ఎంత తేమకు ఎంత రేటు తగ్గించాలి, ఎన్ని బేళ్లకొకసారి రోలరు ఆపాలి అన్న రెండు నిర్ణయాలను. ఆ రెండూ యజమాని తీసుకోవాల్సినవే.

కలిసి కూర్చోవడం

అంకెలు వచ్చిన రెండు మూడు రోజుల్లో ముగ్గురూ కూర్చోవాలి, గంటన్నరకు మించకుండా. లారీలు రాని వేళ, ఫోన్లు బయట. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం కంటే ఒకే వైపు కూర్చోబెట్టి ఎదురుగా గోడకు ఆ నాలుగు అంకెల కాగితం అంటించడం మేలు. చూపులు కాగితం మీదికి పోతాయి. మొదటి మాట యజమానిదే కావాలి: ‘రేటు పెంచొద్దని ఒకరికి, మిషను ఆపొద్దని ఇంకొకరికి చెప్పింది నేనే. రెండూ కలిపి చూసుకోలేదు.’ ఇది వినయం కోసం చెప్పే మాట కాదు. తప్పు మోయడానికి మూడో భుజం దొరికితేనే ఆ ఇద్దరూ తమ వంతును ఒప్పుకోగలుగుతారు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ పది నిమిషాలు, అడ్డు రాకుండా. రెండోవాళ్లు జవాబు చెప్పే ముందు విన్నది క్లుప్తంగా చెప్పాలి, చెప్పిన మనిషి ‘అదే’ అనేదాకా. ఇది పిల్లల ఆటలా అనిపించి నడి వయసువాళ్లు చిరాకు పడతారు. పడనివ్వాలి. ‘ఎప్పుడూ’, ‘ప్రతిసారీ’ అన్న మాటలు వస్తే ‘ఏ రోజు?’ అని అడిగితే చాలు, సందర్భాల కాగితం దగ్గరే ఉంటుంది.

పాత గాయం ఒకటి తప్పకుండా బయటికి వస్తుంది. ఉదాహరణలో అది ఆయుధపూజ రోజుది. పనివాళ్లంతా ఉండగా ఫోర్‌మన్ ‘కమీషను తినే నోటికి తేమ తెలుస్తుందా’ అన్నాడు. దీనికి మీటరు లేదు, పరీక్ష లేదు. ఇటువంటిదాన్ని లెక్కలతో కలిపి తీర్చబోతే రెండూ చెడతాయి. విడిగా, చివర్లో తీసుకోవాలి. క్షమాపణ చెప్పించే ప్రయత్నం చేయకూడదు, బలవంతపు క్షమాపణ ఇంకో అవమానం. అడగాల్సింది ఇంతే: ‘ఆ రోజు ఆ మాట పనివాళ్ల ముందు వచ్చింది. లెక్కలు చూస్తే అది నిజం కాదని తేలింది. ఇప్పుడు దాన్ని ఏం చేద్దాం?’ ఫోర్‌మన్ ‘నోరు జారిన మాట, అది అనకూడనిదే’ అంటే బాగు. అనకపోయినా, ‘లెక్క సరిగానే ఉందని నేనూ చూసినా’ అని పనివాళ్లు వినేలా ఒకసారి చెప్పడానికి ఒప్పుకుంటే పని జరుగుతుంది. పోయిన మర్యాద పోయిన చోటే తిరిగి రావాలి. గదిలో చెప్పిన మాట మిల్లు నడవాలో అన్న మాటను తుడవదు.

ఇక రాత. ఒక్క పేజీ, తెలుగులో, ముగ్గురి సంతకాలతో. ‘పరస్పరం సహకరించుకోవాలి’ వంటి వాక్యం అందులో ఒక్కటి కూడా ఉండకూడదు, దాన్ని మీరారని ఎవరూ నిరూపించలేరు. ఉండాల్సినవి ఈ రకం మాటలు: లారీ వచ్చిన అరగంటలో ఐదు చోట్ల తేమ చూసి ఇద్దరి మనుషులూ రిజిస్టరులో సంతకం చేయాలి. సగటు 10 లోపుంటే నేరుగా ఆడించాలి. 10 నుంచి 12 ఉంటే విడి కుప్ప, ఆరిన తర్వాతే మిషనుకు. 12 దాటితే దింపే ముందే కొనుగోళ్లాయన ఫోర్‌మన్‌కు స్వయంగా ఫోన్ చేయాలి. పన్నెండునే గీతగా పెట్టడానికి ఒక అనుకూలం ఉంది. కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ మద్దతు ధర కొనుగోళ్లలో పూర్తి ధర 8 శాతం తేమకు, 12 దాటితే కొనరు. అది ఇద్దరిలో ఎవరూ పెట్టిన గీత కాదు కాబట్టి ఎవరూ ఓడినట్టు ఉండదు. రోలర్ల వైపు: వారానికోసారి గింజల గుప్పెడు పరీక్ష, పోగులు కనిపిస్తే ఆ వారంలోనే ఒక రాత్రి షిఫ్టు ఆపి గాళ్లు కొట్టడం, ఆ షిఫ్టు నష్టం ఫోర్‌మన్ లెక్కలో రాయకపోవడం.

చివరి గీత అన్నిటికంటే ముఖ్యం: మాట తెగకపోతే ఏం చేయాలి? ‘గంట లోపు తేలకపోతే సరుకు విడి కుప్ప పోసి, మర్నాడు పదింటికి ముగ్గురం చూస్తాం’ అని ఉండాలి. ఇది లేకపోతే మొదటి అభిప్రాయభేదానికే లారీ మళ్లీ గేటు బయట నిలబడుతుంది.

తర్వాత ఏం చూడాలి

ఇద్దరూ కలిసి టీ తాగుతున్నారా అన్నది కొలత కాదు. ఆరేళ్ల తర్వాత స్నేహం అడగడం అత్యాశ, అవసరం కూడా లేదు. చూడాల్సినవి వేరు. చీటీలు తగ్గి ఫోన్లు పెరిగాయా? అకౌంటెంటు రాయబారం రోజుకు నాలుగు నుంచి ఎంతకు దిగింది? లారీ గేటులోకి వచ్చిన వేళకు, కుప్ప మొదలైన వేళకు మధ్య ఎంతసేపు? రిజిస్టరులో రెండు సంతకాలూ ఒకే వేళవా, లేక సాయంత్రం కూర్చుని ఒకేసారి గీకినవా? చివరిది చూస్తే చాలా తెలుస్తుంది. ఒకే సిరా, ఒకే ఒరవడి, ఇరవై వరుసలు కనిపిస్తే ఒప్పందం కాగితానికే పరిమితమైందని అర్థం.

వారం తర్వాత, నెల తర్వాత, సీజను ముగిశాక మూడుసార్లు పావుగంట చొప్పున కూర్చోవాలి. రెండో మూడో వారంలో ఒకసారి పాత గొడవ రాజుకోవడం మామూలే, సాధారణంగా వాన పడిన మర్నాడు. అప్పుడు యజమాని ఫోన్ మోగుతుంది, ‘చూసినావా, నేను చెప్పలా’ అని. దానికి జవాబు ‘కాగితంలో ఏముందన్నా? అట్లే చేయండి, రేపు పదింటికి చూద్దాం’ అన్నదే. ఆ ఫోన్లో విని తీర్పు చెబితే ముందుకు జరిగినదంతా వెనక్కి పోతుంది. ఫోన్ చేస్తే పని జరుగుతుందని ఒకరికి తెలిశాక, రెండోవారూ ఫోన్ పట్టుకుంటారు.

కింది సూపర్‌వైజర్లను మర్చిపోకూడదు. పెద్దలు సద్దుమణిగినా తమ తమ పక్షాన నిలబడి పేరు తెచ్చుకున్న కుర్రాళ్లకు ఈ శాంతి వల్ల నష్టం. కబుర్లు మోసి తగవును మళ్లీ రాజేసేది తరచూ వాళ్లే. యార్డు వైపు కుర్రాణ్ణి ఒక నెల మిషన్ల దగ్గర, మిషన్ల కుర్రాణ్ణి యార్డులో పెట్టడం మంచి ఉపాయం. వారంలో ఇద్దరూ అవతలి పని గురించి తమ పెద్దకు వివరించి చెప్పే స్థితికి వస్తారు.

కొన్నిసార్లు ఇదంతా చేసినా కుదరదు. ఒకరికి తగవు తీరడం కంటే ఎదుటివాడు పోవడమే కావాలి. అది ఎట్లా తెలుస్తుంది? అడిగింది అడిగినట్టు దొరికినా కొత్త కోరిక పుడుతుంది, రిజిస్టరు తనకు అనుకూలంగా ఉన్న రోజు కూడా సంతకం పెట్టడు. అప్పుడు మధ్యవర్తిత్వం ఆపేసి పని వేళలనో బాధ్యతలనో విడదీయడం నయం. కొనుగోళ్ల అప్పగింతను కాటా దగ్గరే ముగించి, అక్కడి నుంచి కుప్పలు చూసే బాధ్యత మూడో మనిషికి ఇవ్వవచ్చు. జీతం ఒకటి పెరుగుతుంది. రోజుకు మూడు బేళ్లతో పోలిస్తే ఆ ఖర్చు ఏపాటిదో అకౌంటెంటు పావుగంటలో లెక్కకట్టి చెప్పగలడు. ఇప్పుడతనికి తీరిక కూడా ఉంటుంది.